నూనె కంపెనీకి రాసిన మెసేజ్: పెయిడ్ వీడియో అడగడం వెనకున్న లెక్క

"అన్నా, నువ్వు కంపెనీలో ఉన్నప్పుడు ఇలాంటివి రోజూ చదివేవాడివి కదా, ఒక్కసారి చూసి చెప్పు" అంటూ ఫిబ్రవరిలో మా పిన్ని కూతురు వాట్సాప్‌లో ఒక మెసేజ్ పంపింది. తనుండేది నెల్లూరు మూలాపేటలో. వంటల ఛానల్ నడుపుతోంది. ఒంగోలు నుంచి గానుగ వేరుశనగ నూనె అమ్మే ఒక కంపెనీకి, డబ్బు తీసుకుని వీడియో చేసిపెడతానని రాసుకున్న మెసేజ్ అది.

"నమస్తే సార్. నా ఛానల్‌కి 38 వేల మంది సబ్‌స్క్రైబర్లు ఉన్నారు. ఒక షార్ట్ 6 లక్షల వ్యూస్ దాటింది. మీ ప్రొడక్ట్‌కి మంచి ప్రమోషన్ చేస్తాను. ఇంటరెస్ట్ ఉంటే చెప్పండి, ప్యాకేజీలు పంపిస్తాను."

నేను మూడేళ్లు ఒక ఆహార పదార్థాల కంపెనీలో మార్కెటింగ్ పని చూశాను. ఆవకాయ సీజన్ వచ్చిందంటే ఇలాంటివి రోజుకు మూడు నాలుగు వచ్చేవి. పేరు మార్చి ఎవరికి పంపినా సరిపోయేలా ఉండేవి. వాటికి మేం జవాబు ఇవ్వకపోవడానికి కారణం పొగరు కాదు. చదివేవాళ్ల మనసులో ఉండే ప్రశ్న ఒక్కటే. మా సరుకు దొరికే ఊళ్లలో ఉండి, ఇంట్లోకి సరుకులు కొనేవాళ్లు, మా డబ్బా తెర మీద కనిపించే సమయానికి ఎంతమంది ఇంకా ఆ వీడియో చూస్తూ ఉంటారు? పై మెసేజ్‌లో ఒక్క వాక్యం కూడా దీనికి జవాబు చెప్పదు. 38 వేలలో ఎంతమంది ఇప్పుడు చూస్తున్నారో తెలీదు. 6 లక్షల షార్ట్‌ని ఎవరు చూశారో, ఎక్కడుండి చూశారో తెలీదు.

మెసేజ్‌ని పక్కన పెట్టి ముందు లెక్కలు తీద్దామన్నాను. ఆ రాత్రి ఇద్దరం ఫోన్ స్పీకర్లో పెట్టుకుని తన YouTube Studio తెరిచి కూర్చున్నాం.

సగటు ఎందుకు చెప్పకూడదు

షార్ట్‌లు వదిలేసి, చివరి పది పెద్ద వీడియోలకు మొదటి 30 రోజుల్లో వచ్చిన వ్యూస్ మాత్రమే రాసుకోమన్నాను. అన్నిటికీ ఒకే గడువు పెట్టుకోవాలి. లేకపోతే రెండేళ్ల కిందటి వీడియోకి, మొన్నటి వీడియోకి పోలికే ఉండదు. తక్కువ నుంచి ఎక్కువకు పేరిస్తే ఇలా వచ్చాయి: 3,100, 3,600, 4,200, 4,400, 5,000, 5,400, 5,800, 6,300, 9,000, 61,000.

అన్నీ కూడి పదితో భాగిస్తే 10,780 వస్తుంది. తను అదే రాద్దామనుకుంది. కానీ పదింటిలో తొమ్మిది వీడియోలు పదివేలు కూడా దాటలేదు. ఆ 61,000 రొట్టెల పండగ నాడు స్వర్ణాల చెరువు గట్టున తీసిన వీడియోకి వచ్చింది. వంట కోసం వచ్చినవాళ్లు కాదు, పండగ చూడటానికి వచ్చినవాళ్లు. నూనె వీడియోకి వాళ్లు మళ్లీ రారు. అందుకే వరసలో మధ్యనున్న రెండు సంఖ్యలు, 5,000కీ 5,400కీ నడిమిది, అంటే 5,200 రాయమన్నాను. సగం వీడియోలు దానికి పైన, సగం కింద. కంపెనీ మనిషి ఛానల్ తెరిచి పైనుంచి కిందికి ఒకసారి చూస్తే తెలిసిపోయే నిజం కూడా ఇదే. పదివేలని రాసి, ఆయన తెరిచినప్పుడు నాలుగు వేలు, ఐదు వేలు కనిపిస్తే మిగతా మెసేజ్ చదవడు.

తర్వాత చూడాల్సింది ఆ 5,200 వ్యూస్‌లో ఎంతమంది మధ్యలో వెళ్లిపోతున్నారన్నది. ఒక్కో వీడియోకి ఏ నిమిషం దగ్గర ఎంత శాతం మిగిలారో చూపే గీత ఉంటుంది. తన ఎనిమిది నిమిషాల వీడియోల్లో రెండు నిమిషాల నలభై సెకన్ల దగ్గర దాదాపు 48 శాతం ఉంటున్నారు. ఏడో నిమిషానికి 22 శాతమే. అంటే నూనె పోసే దృశ్యం మూడో నిమిషంలోపు వస్తే సుమారు 2,500 మంది చూస్తారు. అలవాటు ప్రకారం చివర్లో డబ్బా పట్టుకుని "ఈ వీడియోని స్పాన్సర్ చేసింది..." అంటే 1,150 మంది కూడా మిగలరు. అదే వీడియో, అదే డబ్బు, చూసేవాళ్లు మాత్రం సగానికి తక్కువ. కాన్సెప్ట్ రాయకముందే ఈ గీత చూడాలని నేను పట్టుబట్టేది ఇందుకే.

చూసేది అమ్మ, ఫోను అబ్బాయిది

Audience ట్యాబ్‌లో వయసు, ఆడా మగా లెక్కలుంటాయి. అవి అకౌంట్‌తో లాగిన్ అయి చూసేవాళ్ల నుంచి మాత్రమే తీసినవి. మన ఇళ్లలో అందులో ఇంకో చిక్కు ఉంది. వంట వీడియో చూసేది అమ్మ, కానీ ఫోన్లో ఉన్న అకౌంట్ కొడుకుదో భర్తదో. హాల్లో టీవీ పెట్టుకుని చూస్తే అందులో ఎవరి అకౌంట్ ఉంటే వాళ్ల ఖాతాలో పడుతుంది. మా చెల్లెలి ఛానల్‌కి ఆడవాళ్లు 61 శాతమని చూపిస్తోంది. నా ఊహ ప్రకారం అసలు లెక్క ఇంకా ఎక్కువే. కానీ ఊహని మెసేజ్‌లో పెట్టకూడదు. తెర మీద కనిపించిన అంకె పెట్టి, అది లాగిన్ అయినవాళ్ల లెక్క అని ఒక మాట రాస్తే చాలు.

ఊళ్ల సంగతి ఇంకా తికమక. Advanced mode లోకి వెళ్తే నగరాల వారీగా వ్యూస్ కనిపిస్తాయి. తన ఛానల్‌కి హైదరాబాద్ 24 శాతం, నెల్లూరు 13 శాతం అని వచ్చింది. అది చూసి తను డీలా పడిపోయింది. "మనోళ్లే లేరన్నా ఇందులో" అంది. అయితే ఆ లెక్క ఇంటర్నెట్ ఐపీ అడ్రస్‌ని బట్టి వేసేది. మొబైల్ డేటా మీద చూసేవాళ్లు తామున్న ఊరి పేరుతో కాకుండా నెట్‌వర్క్ వెళ్లే పెద్ద నగరం పేరుతో పడటం మామూలే. కావలిలోనో పొదిలిలోనో కూర్చుని చూసినావిడ హైదరాబాద్ ఖాతాలో చేరిపోవచ్చు.

అందుకని రెండో ఆధారం వెతుక్కున్నాం. ఛానల్‌లో ఒక పోల్ పెట్టింది: మీరు ఎక్కడి నుంచి చూస్తున్నారు? నెల్లూరు జిల్లా, ప్రకాశం జిల్లా, మిగతా తెలుగు రాష్ట్రాలు, బయట. నాలుగు రోజుల్లో 430 మంది ఓటేశారు. నెల్లూరు 171, ప్రకాశం 82. రెండూ కలిపితే 253, అంటే వందకు 59 మంది. ఈ అంకెకీ ఒక లోపముంది. పోల్‌లో ఓటేసేది ఛానల్‌ని ఇష్టంగా చూసేవాళ్లు, అందులోనూ ఊరి మీద అభిమానం ఉన్నవాళ్లు ముందుంటారు. కాబట్టి 5,200లో 59 శాతం ఇక్కడివాళ్లేనని రాస్తే తప్పవుతుంది. నగరాల లెక్క, పోల్ లెక్క రెండూ పక్కపక్కన పెట్టి, దేని పరిమితి ఏమిటో చెప్పేస్తే చదివేవాళ్లకి నమ్మకం కుదురుతుంది. నేను ఆ కుర్చీలో ఉన్నప్పుడు తన అంకెలో లోటు తానే చెప్పినవాళ్ల మెసేజ్ చాలా అరుదుగా వచ్చేది. వచ్చిన ప్రతిసారీ ఫోన్ చేశాను.

నూనె తేలే క్షణం

ఇక కాన్సెప్ట్. "మీ నూనెతో ఒక వంట చేసి చూపిస్తాను" అనేది కాన్సెప్ట్ కాదు. ఏ నూనెతోనైనా ఆ వంట అవుతుంది, ఏ కంపెనీకైనా ఆ మాట పనికొస్తుంది. సరుకు లేకపోతే వీడియో నిలబడని చోటు ఒకటి వెతకాలి.

మా చెల్లెలికి పేరు తెచ్చింది బొమ్మిడాయిల పులుసు. మామిడికాయ ముక్కలేసి సాయంత్రం వండి, మర్నాడు పొద్దున తినే నెల్లూరు పులుసు. దాంట్లో వంట తెలిసిన ప్రతి ఆడమనిషీ ఎదురుచూసే క్షణం ఒకటుంటుంది. పులుసు చిక్కబడి, దాక అంచుల వెంట నూనె ఎర్రగా పైకి తేలుతుంది. అది తేలితేనే పులుసు దిగినట్టు. "నూనె తేలిందా" అని అత్త హాల్లోంచి అడుగుతుంది, కోడలు వంగి చూస్తుంది. నూనె కంపెనీకి చూపించాల్సింది ఆ అంచే కదా అన్నాను. వీడియో మొదట్లోనే, మర్నాటి పొద్దున మూత తీసిన దాకని దగ్గరగా చూపించి, ఆ నూనె వలయంతో మొదలుపెట్టి, వెనక్కి వెళ్లి తాలింపులో నూనె పోయడం రెండో నిమిషంలో చూపిస్తే గీతలో మనుషులున్న చోటే డబ్బా కూడా ఉంటుంది.

ఇంకో జాగ్రత్త. వీడియోలో చెప్పేవన్నీ కంటికి కనిపించేవీ, ముక్కుకి తెలిసేవీ అయి ఉండాలి: రంగు, వాసన, తేలడం. "గుండెకి మంచిది, షుగర్ తగ్గుతుంది" అని కంపెనీ రాసిచ్చినా చెప్పకూడదు. తప్పుదోవ పట్టించే ప్రకటనలో కనిపించినవాళ్లకి కూడా 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద 10 లక్షల రూపాయల దాకా జరిమానా వేయొచ్చు. మళ్లీ అదే పని చేస్తే 50 లక్షల దాకా. జరిమానా కంపెనీకి మాత్రమే పడుతుందని చాలామంది అనుకుంటారు, అది నిజం కాదు.

లేబుల్ విషయం కూడా మెసేజ్‌లోనే తేల్చాలి. డబ్బు తీసుకున్న వీడియోలో అది ప్రకటన అని కనిపించేలా ఎంతసేపు రాయాలో ప్రకటనల స్వీయ నియంత్రణ సంస్థ ఆస్కీ 2021లో నియమం పెట్టింది. 15 సెకన్లలోపు వీడియోలో కనీసం 3 సెకన్లు. 15 సెకన్లు దాటి 2 నిమిషాల లోపైతే మొత్తం నిడివిలో మూడో వంతు. 2 నిమిషాలు దాటితే, బ్రాండ్ గురించి మాట్లాడే భాగం మొత్తం. తన 40 సెకన్ల షార్ట్‌కి సుమారు 14 సెకన్లు పడాలి. యూట్యూబ్‌లో అప్‌లోడ్ చేసేటప్పుడు పెయిడ్ ప్రమోషన్ అని టిక్ పెట్టడం దీనికి అదనం. కొన్ని కంపెనీలు లేబుల్ వద్దంటాయి. ముందే రాసి పెడితే, ఆ మాట షూటింగ్ అయ్యాక రాదు.

డబ్బు మాట

ధర దగ్గర తనకి టెన్షన్ మొదలైంది. "ఎంత అడగను, ఎక్కువంటే పోతుందేమో." నేను కంపెనీ వైపు లెక్క చూపించాను. 12,000 అడిగితే, నూనె పోయడం చూసే 2,500 మందికి తలకి దాదాపు ఐదు రూపాయలు. కంపెనీ తనే యూట్యూబ్‌లో యాడ్ వేసుకుంటే ఒక వ్యూ అంతకంటే చాలా చవగ్గా పడుతుంది. అమ్మకాల వైపు చూస్తే, లీటరుకి 20 రూపాయలు మిగులుతాయనుకుందాం. 12,000 రాబట్టాలంటే 600 లీటర్లు అదనంగా అమ్మాలి. ఒక్క వీడియో ఆ పని చేయదు, చేస్తుందని రాస్తే అబద్ధం.

మరి చిన్న కంపెనీలు ఎందుకు డబ్బు పెడతాయి? ఎక్కువసార్లు ఆ వీడియో ముక్క కోసం. సేల్స్ వాళ్లు స్టోన్‌హౌస్‌పేట హోల్‌సేల్ కొట్లకీ, డీలర్ల వాట్సాప్ గ్రూపులకీ పంపడానికి ఏదో ఒకటి కావాలి. ఇక్కడి యాసలో మాట్లాడే ఒకావిడ, ఇక్కడి పులుసు, అందులో తమ డబ్బా. అలాంటి 40 సెకన్ల ముక్క తీయించాలంటే యాడ్ ఏజెన్సీకి ఇంతకు కొన్ని రెట్లు పెట్టాలి. కాబట్టి అమ్ముతున్నది వ్యూస్ ఒక్కటే కాదు, వాడుకునే హక్కు కూడా. దాన్ని విడిగా రాయాలి. మేం కూడా ఒకసారి ఒకమ్మాయి దగ్గర వీడియో ఫైల్ తీసుకుని, గడువేమీ రాసుకోలేదు కదా అని ఏడాదిన్నర పాటు యాడ్‌గా తిప్పాం. తను అడిగితే చూపించడానికి కాయితం లేదు. అది అన్యాయమని నాకు అప్పుడే తెలుసు.

ఇవన్నీ కలిపి చివరికి తను పంపిన మెసేజ్ ఇది. ప్యాకెట్ మీదున్న కస్టమర్ కేర్ నంబరుకి కాకుండా, నెల్లూరు డిస్ట్రిబ్యూటర్‌ని అడిగి కనుక్కున్న సేల్స్ మేనేజర్ వాట్సాప్‌కి పంపింది. మామిడికాయలు వచ్చేది ఏప్రిల్‌లో కాబట్టి ఆరు వారాల ముందే.

"నమస్కారమండీ. నెల్లూరు నుంచి వంటల ఛానల్ చేస్తున్నాను. మీ గానుగ వేరుశనగ నూనె మా ఇంట్లో రెండేళ్లుగా వాడుతున్నాం, మూలాపేటలో మా వీధి కొట్లోనే దొరుకుతుంది. ఏప్రిల్‌లో మీతో ఒక పెయిడ్ వీడియో చేయాలని రాస్తున్నాను.

వీడియో ఆలోచన: మర్నాటి పొద్దున మూత తీసిన బొమ్మిడాయిల పులుసుతో మొదలవుతుంది, అంచున తేలిన నూనె దగ్గరగా కనిపిస్తుంది. అక్కడి నుంచి వెనక్కి వెళ్లి, రెండో నిమిషంలో మీ నూనెతో తాలింపు. పులుసు దిగిందని నూనె తేలడాన్ని బట్టి ఎలా తెలుసుకోవాలో అత్తా కోడళ్ల మాటల్లో చెప్తాం. నిడివి 8 నిమిషాలు, దాంతోపాటు 40 సెకన్ల షార్ట్ ఒకటి. పులుసు కాకుండా శాకాహారం కావాలంటే ఇదే పద్ధతిలో గుత్తి వంకాయ చేయగలను.

చూసేవాళ్లు: చివరి పది వీడియోల్లో మధ్యస్థంగా 5,200 వ్యూస్, మొదటి 30 రోజుల్లో. మూడో నిమిషంలోపు దాదాపు 48 శాతం ఉంటున్నారు. లాగిన్ అయి చూసేవాళ్లలో ఆడవాళ్లు 61 శాతం. యూట్యూబ్ లెక్కలో హైదరాబాద్ 24 శాతం, నెల్లూరు 13 శాతం. ఛానల్ పోల్‌లో 430 మందిలో 253 మంది నెల్లూరు, ప్రకాశం జిల్లాల వాళ్లు. పోల్‌లో పాల్గొనేది ఎక్కువగా రోజూ చూసేవాళ్లని గమనించగలరు. స్క్రీన్‌షాట్లు జతచేశాను.

ఖర్చు: రెండు వీడియోలకి కలిపి 12,000. సగం ముందు, సగం అప్‌లోడ్ రోజున. మీ పేజీలో, డీలర్ల గ్రూపుల్లో 60 రోజులు వాడుకోవచ్చు. యాడ్‌గా వేసుకోవాలంటే నెలకి 4,000 అదనం. అప్‌లోడ్ చేశాక 30 రోజులు మరో నూనె కంపెనీ వీడియో చేయను. ఒకసారి మార్పులు చేసిస్తాను. ప్రకటన అనే లేబుల్ నిబంధనల ప్రకారం కనిపిస్తుంది. ఆరోగ్యం గురించి ఏమీ చెప్పను.

ఈ వారంలో పది నిమిషాలు వీలుంటే ఫోన్ చేయగలను."

వారం దాకా జవాబు లేదు. అప్పుడు ఒక్కసారే మళ్లీ రాసింది, అదీ "చూశారా సార్" అని కాదు. తాలింపులో నూనె పోసే ఇరవై సెకన్ల ముక్క ఫోన్లో తీసి, వీడియో రంగులు ఇలా ఉంటాయని పంపింది. మర్నాడే ఫోన్ వచ్చింది.

"అంతా బాగుందమ్మా, కానీ మా ఓనర్లు శాకాహారులు. డబ్బా చేపల పక్కన కనిపించకూడదు" అన్నాడాయన. ఇది మేం ముందే పసిగట్టాల్సింది. ఆ కంపెనీ పేజీలో ఉన్న ఫొటోలన్నీ పప్పు, పులిహోర, పచ్చళ్లే. ఒక్క చేప ముక్క లేదు. కాన్సెప్ట్ రాయకముందు ఆ పేజీని కిందిదాకా చూసి ఉంటే అర్థమయ్యేది. గుత్తి వంకాయ అని రాసిన ఆ ఒక్క వాక్యం వల్ల మాట అక్కడితో తెగిపోలేదు. వంకాయ మగ్గి, కారం విడిపోయి, మూకుడు అంచున నూనె తేలడం అందులోనూ ఉంది. అంచు నుంచి మొదలుపెట్టే ఆలోచన అలాగే నిలిచింది, గీతలో చోటు మారలేదు.

బేరంలో యాడ్ హక్కు నెలకి 4,000 వద్దన్నారు, దాన్ని వదిలేశారు. ముప్పై రోజుల షరతుని అరవై చేయమన్నారు. తను నలభై ఐదుకి ఒప్పుకుని, దానికి బదులు అడ్వాన్స్ సగం నుంచి 7,000కి పెంచమంది. మొత్తం 12,000 అలాగే ఉంది. రెండు రోజులకి డబ్బు పడింది. ఏప్రిల్ రెండో వారంలో, పొద్దున ఆరింటికి కిటికీ వెలుతురులో మూకుడు అంచు చూపించే షాట్ నాలుగుసార్లు తీశారట. మూడుసార్లు ఆవిరి లెన్స్‌కి పట్టింది. నాలుగోసారి పిన్ని పక్కనుండి విసనకర్రతో విసిరితే నూనె వలయం స్పష్టంగా కనిపించింది.